రోజూ రెండు గంటలు రోడ్డు మీదే గడిపే విద్యార్థులు సర్వేకి ఎందుకు చిక్కలేదు: ఒక కాలేజీ శాంప్లింగ్ కేస్ స్టడీ

కోస్తా జిల్లాల్లోని ఒక ఇంజినీరింగ్ కాలేజీలో జరిగిన సర్వే ఇది. కాలేజీని గుర్తుపట్టే వీలు లేకుండా అంకెలను గుండ్రం చేశాం, కొన్ని వివరాలు మార్చాం. నిష్పత్తులనూ, తప్పులు జరిగిన తీరునూ మాత్రం అలాగే ఉంచాం. ఒకే ప్రశ్నను ఒకే కాలేజీలో నాలుగు రకాలుగా అడిగితే 12 శాతం నుంచి 27 శాతం దాకా వేర్వేరు జవాబులు వచ్చాయి. ఎక్కడ, ఎందుకు తేడా పడిందో ఒక్కో మెట్టు దగ్గరా పట్టుకోగలిగాం కాబట్టి దీన్ని రాసి పెడుతున్నాం.

నేపథ్యం

కాలేజీ రోల్‌లో 4,800 మంది ఉన్నారు. నాలుగు సంవత్సరాలు, ఏడాదికి 20 సెక్షన్లు, సెక్షన్‌కి 60 మంది చొప్పున మొత్తం 80 సెక్షన్లు. హాస్టల్లో ఉండేవాళ్లు 1,600 మంది. కాలేజీ బస్సులో వచ్చేవాళ్లు 2,000 మంది. మిగతా 1,200 మంది ఆర్టీసీ బస్సు, షేర్ ఆటో, బైకు ఇలా సొంత ఏర్పాటుతో వస్తారు. మొదటి పీరియడ్ 8.30కి మొదలవుతుంది.

మేనేజ్‌మెంట్ ముందు రెండు ప్రతిపాదనలున్నాయి. మొదటి పీరియడ్‌ను ముప్పావు గంట ఆలస్యంగా మొదలుపెట్టడం ఒకటి, కొత్త బస్సు రూట్లు వేయడం రెండోది. రెండింటికీ ఒకే అంకె కావాలి: రానూ పోనూ కలిపి రోజుకు రెండు గంటలకు మించి ప్రయాణం చేసే విద్యార్థులు మొత్తంలో ఎంత శాతం? పది శాతం అయితే ఒకటి రెండు బస్సుల సర్దుబాటుతో సరిపోతుంది. పాతిక శాతం అయితే టైమ్‌టేబుల్ మొత్తం మార్చాలి.

మొదటి ప్రయత్నం: వాట్సాప్ గ్రూపుల్లో ఫారం

కాలేజీ కమిటీ ఒక గూగుల్ ఫారం తయారుచేసి సీఆర్‌ల ద్వారా క్లాస్ గ్రూపుల్లో పెట్టింది. వారంలో 1,140 జవాబులు వచ్చాయి. రెండు గంటలు దాటినవాళ్లు 138 మంది, అంటే 12 శాతం. "వెయ్యి దాటాయి కదండీ, నాలుగో వంతు కాలేజీ చెప్పినట్టే. ఇంకేం కావాలి?" అని కమిటీ వాదన. మా దగ్గరికి ఫైలు వచ్చింది ఆ దశలోనే.

ఇలాంటి డేటా చేతికి రాగానే అసలు ప్రశ్న జోలికి పోకూడదు. కాలేజీ రికార్డుల్లో జవాబు ముందే ఉన్న ప్రశ్న ఏదైనా ఫారంలో ఉందా అని వెతకాలి. ఇక్కడ అది ఉంది: ఎక్కడ ఉంటారు, ఎలా వస్తారు. జవాబిచ్చిన 1,140 మందిలో హాస్టల్ వాళ్లు 661 మంది, అంటే 58 శాతం. రోల్‌లో వాళ్ల వాటా 33 శాతమే. కాలేజీ బస్సు వాళ్లు 300 మంది, సొంతంగా వచ్చేవాళ్లు 179 మంది మాత్రమే ఉన్నారు.

కారణం వెతకడానికి పెద్ద కష్టపడనక్కర్లేదు. ఫారం లింకు గ్రూపుల్లోకి సాయంత్రం వెళ్లింది. ఆ సమయానికి హాస్టల్ వాళ్లు గదిలో వైఫై కింద ఉంటారు. ఆర్టీసీ బస్సులో నిలబడి ఇంటికి వెళ్లేవాడు ఎనిమిదింటికి ఇల్లు చేరేసరికి ఆ లింకు మీద వంద మెసేజ్‌లు పడి ఉంటాయి. పైగా ఫారం పేరే 'ప్రయాణం, హాస్టల్ వసతులు'. మెస్ గురించి చెప్పుకోవాల్సింది ఉన్నవాళ్లు ముందు తెరిచారు. ఎంత దూరం ప్రయాణం చేస్తే ఫారం నింపే అవకాశం అంత తగ్గింది. కొలవాల్సిన లక్షణమే మనిషిని సర్వే నుంచి తప్పించింది. సెలెక్షన్ బయాస్‌కి ఇంతకంటే చెడ్డ రూపం లేదు.

వెయిట్లు వేసి సరిచేద్దాం అన్నది సహజంగా వచ్చే ఆలోచన. చేసి చూశాం. ఫారం నింపిన కాలేజీ బస్సు వాళ్లలో 22 శాతం (300లో 66), సొంతంగా వచ్చేవాళ్లలో 40 శాతం (179లో 72) రెండు గంటలు దాటారు. హాస్టల్ వాళ్లది సున్నా. వీటిని రోల్‌లోని అసలు వాటాలతో కలిపితే అంచనా 12 నుంచి 19 శాతానికి పెరిగింది.

కానీ 19 కూడా నమ్మదగ్గది కాదు. వెయిట్లు మూడు గుంపుల మధ్య నిష్పత్తిని సరిచేస్తాయి. ఒక్కో గుంపు లోపల ఎవరు జవాబిచ్చారన్నది అలాగే ఉండిపోతుంది. సొంతంగా వచ్చే 1,200 మందిలో జవాబిచ్చిన 179 మంది దగ్గర ఊళ్లవాళ్లే ఎక్కువైతే, ఆ 40 శాతమే తక్కువ అంకె. దాన్ని 6.7తో హెచ్చవేసినా, 67తో హెచ్చవేసినా దూరం ఊళ్లవాడు అందులోకి రాడు. ఫారంలో రోల్ నంబరు అడగలేదు కాబట్టి, జవాబివ్వని వాళ్లెవరో కనిపెట్టి వెళ్లి అడిగే దారీ లేదు. అందుకే ఆ 1,140 జవాబులను పక్కన పెట్టమని చెప్పాం. ఆ 22, 40 శాతాలు మాత్రం తర్వాత శాంపిల్ పరిమాణాలు వేసుకునేటప్పుడు స్థూల అంచనాలుగా పనికొచ్చాయి.

రెండో ప్రయత్నం: ఏడు సెక్షన్లు లాటరీ

ఈసారి కమిటీ క్లస్టర్ శాంప్లింగ్ ఎంచుకుంది. 80 సెక్షన్ల పేర్లు చీటీలు వేసి ఏడు తీశారు. ఆ ఏడు సెక్షన్లలో క్లాసుకొచ్చిన అందరికీ అక్కడే కాగితం ఇచ్చి నింపించారు. రోల్ ప్రకారం మొత్తం 420 మంది. పని ఒక్క ఉదయంలో అయిపోతుంది, ఎవర్నీ వెతుక్కోనక్కర్లేదు. క్లస్టర్ పద్ధతికి ఉన్న ఆకర్షణంతా ఇదే, దాన్ని తీసిపారేయలేం. ఊళ్ల జాబితా మాత్రమే ఉండి మనుషుల జాబితా లేనిచోట, జిల్లాలు దాటి తిరగాల్సిన చోట అంతకంటే వేరే దారి ఉండదు. ఇక్కడ మాత్రం 4,800 పేర్లు ఒకే ఆవరణలో, ఒకే రిజిస్టర్‌లో ఉన్నాయి.

వచ్చిన అంకె 13 శాతం. రెండు వేర్వేరు పద్ధతుల్లో దాదాపు ఒకే జవాబు వచ్చిందని కమిటీ ధైర్యం తెచ్చుకుంది. అసలు జరిగింది వేరు. రెండు సర్వేలూ ఒకే దిక్కుకి లాగాయి. ఈ రెండో దాంట్లో రెండు వేర్వేరు లోపాలున్నాయి. వాటిని విడదీసి చూడాలి, ఎందుకంటే వాటి మందులు వేరు.

మొదటి లోపం గుంపులది. ఒక సెక్షన్‌లోని 60 మంది 60 వేర్వేరు సమాచారాలు కారు. సెక్షన్లు అడ్మిషన్ వరుసలో ఏర్పడతాయి. దూరం జిల్లాల నుంచి ఒకేసారి చేరినవాళ్లు ఒకే సెక్షన్‌లో పడతారు, వాళ్లు హాస్టల్లో ఉంటారు. ఈసెట్ ద్వారా రెండో సంవత్సరంలో చేరిన డిప్లొమా పిల్లలు చివరి సెక్షన్లలో కలుస్తారు, వాళ్లలో చుట్టుపక్కల ఊళ్లనుంచి వచ్చిపోయేవాళ్లు ఎక్కువ. హాస్టల్ రిజిస్టర్‌ను సెక్షన్ల వారీగా విడగొట్టి చూస్తే కొన్ని సెక్షన్లలో 60కి 8 మంది, కొన్నింట్లో 35 మంది హాస్టల్ వాళ్లున్నారు. ఒకే సెక్షన్ వాళ్ల మధ్య ఉండే ఈ పోలికను కొలిచే అంకె, ఇంట్రాక్లాస్ కోరిలేషన్, ఇక్కడ సుమారు 0.05 వచ్చింది. చూడ్డానికి చిన్నదే. దాని ప్రభావం ఈ సూత్రంలో కనిపిస్తుంది. ఇందులో deff అంటే డిజైన్ ఎఫెక్ట్, m అంటే ఒక్కో సెక్షన్‌లోని మంది, ρ అంటే ఆ కోరిలేషన్:

```
deff = 1 + (m − 1) × ρ
     = 1 + (60 − 1) × 0.05 = 3.95
```

420ని 3.95తో భాగిస్తే 106. అంటే ఏడు సెక్షన్లలోని 420 మందినీ అడిగినా, రోల్ అంతటి నుంచి విడివిడిగా తీసిన 106 మందిని అడిగినంత సమాచారమే దొరుకుతుంది. అసలు శాతం పాతిక చుట్టూ ఉంటే పొరపాటు హద్దు ఎనిమిది పాయింట్లు దాటుతుంది. గుంపులు ఏడే కాబట్టి ఆ హద్దును కూడా గట్టిగా లెక్కకట్టలేం. అదే 400 మందిని 40 సెక్షన్ల నుంచి పదేసి మంది చొప్పున తీసి ఉంటే deff 1.45కి దిగి, 276 మందిని అడిగినంత బలం వచ్చేది. క్లస్టర్ పద్ధతిలో ఎక్కువ గుంపులు, ఒక్కో గుంపులో తక్కువ మంది అన్నది ఎప్పుడూ లాభసాటి.

రెండో లోపం గంటది. కాగితాలు పంచింది మొదటి పీరియడ్‌లో. ఆ ఏడు సెక్షన్లలో అప్పుడు క్లాసులో ఉన్నవాళ్లు 318 మంది. అదే రోజు మూడో పీరియడ్ హాజరు చూస్తే 371. మధ్యలో వచ్చిన 53 మంది ఎవరు? బస్సు ఆలస్యమై 9.30కి చేరినవాళ్లు. ప్రయాణం గురించిన సర్వేని, ప్రయాణం వల్ల ఆలస్యమయ్యేవాళ్లు లేని గంటలో పెట్టారు.

మొదటి లోపం హద్దును వెడల్పు చేస్తుంది. రెండోది మధ్య బిందువునే జరుపుతుంది. ఏడుకి బదులు ఇరవై సెక్షన్లు తీసుకుంటే మొదటిది తగ్గుతుంది. రెండోది ఎనభై సెక్షన్లూ తీసుకున్నా అలాగే ఉంటుంది, అప్పుడది తప్పు అంకెనే మరింత ధీమాగా చెబుతుంది.

మూడో ప్రయత్నం: సింపుల్ రాండమ్

ఇక రోల్ మొత్తం నుంచి పేర్లు తీద్దామని నిర్ణయమైంది. ఎంతమంది? అసలు శాతం పాతిక చుట్టూ ఉండొచ్చనుకుని, నాలుగు పాయింట్ల హద్దు చాలనుకున్నాం. 1.96² × 0.25 × 0.75 ÷ 0.04² అంటే 450. జనాభా 4,800 మాత్రమే కాబట్టి, చిన్న జనాభాకు చేసే సవరణ తర్వాత 412.

తీసేముందు జాబితా సరిగ్గా ఉందో లేదో చూడాలి. ఇక్కడ ఒక దోషం దొరికింది. ఏ జేఎన్‌టీయూ అనుబంధ కాలేజీలోనైనా ఇది ఎదురవ్వచ్చు కాబట్టి కాస్త వివరంగా చెబుతాం. ఆ రోల్ నంబరులో చివరి రెండు స్థానాలు వరుస సంఖ్య. 99 అయిపోయాక `A0`, `A1` అని మొదలై, `A9` తర్వాత `B0`కి వెళ్తుంది. కాబట్టి పెద్ద బ్రాంచిలో 140 నుంచి 149 దాకా ఉన్న పదిమందీ `E0` నుంచి `E9` అవుతారు. సెక్షన్ జాబితాల్లో టైపు చేసే శ్రమ తగ్గించడానికి బ్రాంచి కోడ్, వరుస సంఖ్య మాత్రమే ఉంచారు: `0501`, `05A7`, `05E3`. ఎక్సెల్ `05E3`ని అక్షరాలుగా చదవదు. 5 పక్కన మూడు సున్నాలనుకుని `5.00E+03` చేస్తుంది. `0501`ని 501 చేస్తుంది. ఫైలు ఒకసారి అలా సేవ్ అయితే అసలు నంబరు దానంతట అది తిరిగి రాదు. హాస్టల్ జాబితాతో, ట్రాన్స్‌పోర్ట్ జాబితాతో జతచేసినప్పుడు ఈ `E` వరుస పిల్లలు ఎందులోనూ కలవక రాలిపోయారు. మొత్తం కూడి పరీక్షల విభాగం చెప్పిన సంఖ్యతో పోల్చినప్పుడే ఈ లోటు బయటపడింది. మొదటి నుంచీ పూర్తి రోల్ నంబరు వాడటం, ఆ కాలమ్‌ని టెక్స్ట్‌గా పెట్టాకే డేటా ఎక్కించడం, ఈ రెండూ చేస్తే చాలు. ఈసెట్ వాళ్ల రోల్ నంబర్లలో `1A`కి బదులు `5A` ఉంటుంది. `1A` మీద ఫిల్టర్ పెట్టి జాబితా తీస్తే వాళ్లంతా ఒక్కసారే పోతారు.

జాబితా సరిచేసి 412 పేర్లు తీశాం. 80 సెక్షన్లలో సగటున ఐదేసి మంది. వాళ్లను వెతికి పట్టుకునే పని వాలంటీర్లది. తిరిగి వచ్చిన కాగితాలు 391. అంకె 21 శాతం. చూడ్డానికి బాగుంది, కానీ కాగితాల మీది రోల్ నంబర్లను తీసిన జాబితాతో సరిపోలిస్తే 58 నంబర్లు జాబితాలోనే లేవు. చాలాచోట్ల అవి జాబితాలోని నంబరుకి ముందో వెనకో ఉన్నవి. పేరు పిలిస్తే లేడు, పక్క బెంచీలో కూర్చున్నవాడితో నింపించారు. వాలంటీర్‌ని తప్పుపట్టడానికి లేదు. కాగితాలన్నీ నింపి తెమ్మన్నారు, నింపి తెచ్చాడు. ఎవరిని అడగాలో, దొరక్కపోతే ఏం చేయాలో చెప్పిన సూచన ఒక్కటీ లేదు.

సింపుల్ రాండమ్ ఇచ్చే హామీ అంతా ఒక్క విషయం మీద నిలబడి ఉంటుంది: ప్రతి పేరుకీ ఎంపికయ్యే అవకాశం మనకు తెలుసు. లేనివాడి స్థానంలో ఉన్నవాడిని పెట్టిన క్షణాన ఎంపిక చేసింది కంప్యూటర్ కాదు, హాజరు. జాబితాలో పేరున్నవాడు ఆ గంటకు లేడంటే, అతను దూరం నుంచి వచ్చేవాడయ్యే అవకాశం మిగతావాళ్లకంటే ఎక్కువ. ఇక్కడా గాలి అటువైపే వీచింది.

అసలు శాంపిల్‌లోని 333 మంది సమాచారం ఉంది. మిగిలిన 79 మందిని వెంటాడి ఈ సర్వేనే పూర్తి చేయొచ్చు, అది పూర్తిగా సబబైన దారి. అయినా కొత్తగా తీయాలనే నిర్ణయించాం. కారణం తప్పులు కాదు, ఖర్చు. 412 మందిలో మూడో వంతు, అంటే సుమారు 137 మంది హాస్టల్ వాళ్లు వస్తారు. వాళ్ల రోజువారీ ప్రయాణం ఎంతో అడక్కుండానే తెలుసు. ఆ 137 మందిని వెతికే శ్రమను డే స్కాలర్ల మీద పెడితే అదే ఖర్చుతో హద్దు బిగుస్తుంది.

పనిచేసింది: స్ట్రాటిఫైడ్ శాంపిల్, వదలకుండా వెంటాడటం

స్ట్రాటాలుగా, అంటే ఎంపికకు ముందే విడగొట్టే గుంపులుగా, దేన్ని తీసుకోవాలి? కమిటీ మొదట బ్రాంచి, సంవత్సరం అన్నది. కాలేజీల్లో అది అలవాటుగా చేసే విభజన. కానీ సీఎస్‌ఈ వాళ్లు, సివిల్ వాళ్లు ఎంత దూరం నుంచి వస్తారన్న దాంట్లో పెద్ద తేడా ఉండదు. విభజన వల్ల లాభం రావాలంటే ఒక గుంపుకీ మరో గుంపుకీ జవాబులో తేడా ఉండాలి, గుంపు లోపల పోలిక ఉండాలి. ప్రయాణం ప్రశ్నకు అలాంటి విభజన ఒక్కటే: హాస్టల్, కాలేజీ బస్సు, సొంత ఏర్పాటు. ఇది ఎంపికకు ముందే ప్రతి పేరుకూ తెలిసి ఉండాలి కూడా. హాస్టల్ రిజిస్టర్, ట్రాన్స్‌పోర్ట్ సెక్షన్ ఫీజు జాబితా ఉన్నాయి కాబట్టి తెలుసు. రెండింట్లోనూ లేనివాళ్లు మూడో గుంపు.

ఒక్కో గుంపు నుంచి ఎంతమంది? గుంపు పెద్దదైతే ఎక్కువ, లోపల జవాబులు ఎక్కువ చెదిరి ఉంటే ఇంకా ఎక్కువ. గణాంకవేత్త నేమన్ 1934లో చూపించిన పంపకం ఇదే. గూగుల్ ఫారంలో వచ్చిన 22, 40 శాతాలను స్థూలంగా వాడుకుంటే చెదురును కొలిచే √(p(1−p)) విలువలు 0.414, 0.490. బస్సు గుంపుకి 2,000 × 0.414, సొంత గుంపుకి 1,200 × 0.490. అంటే 828, 588. డే స్కాలర్లకు కేటాయించిన 360 మందిని ఆ నిష్పత్తిలో పంచితే 210, 150. హాస్టల్ నుంచి 40 మందిని మాత్రం ఉంచాం. వాళ్లలో ఎవరైనా హాస్టల్ ఫీజు కట్టి ఇంటి నుంచి తిరుగుతున్నారేమో తేలాలి, సున్నా అన్నది ఊహగా మిగలకూడదు. దొరకని వాళ్లుంటారని ముందే లెక్కేసి ఒక్కో గుంపులో కొంచెం అదనంగా తీశాం.

```r
set.seed(40817)
roll <- read.csv("roll.csv", colClasses = "character")
n <- c(HOSTEL = 42, BUS = 216, OWN = 156)
pick <- lapply(names(n), function(h) {
  g <- roll[roll$mode == h, ]
  g[sample(nrow(g), n[[h]]), ]
})
out <- do.call(rbind, pick)
```

ఏ పేర్లు రావాలో నిర్ణయించే సీడ్ సంఖ్యను, పేర్లు తీయకముందే మినిట్స్‌లో రాయించాం. నచ్చిన జాబితా వచ్చేదాకా మళ్లీ మళ్లీ తీశారన్న అనుమానానికి తావుండదు, ఎవరైనా తర్వాత అదే జాబితాను తిరిగి తీసి చూసుకోవచ్చు. అదనంగా తీసినవాళ్లు రిజర్వు కారని కూడా రాయించాం. 414 మందినీ మొదటి రోజు నుంచే వెతకాలి. రిజర్వు జాబితా అని చేతిలో పెడితే అది మళ్లీ పక్క బెంచీ వ్యవహారమే.

క్షేత్రంలో పాటించిన నియమాలు కొన్నే. ఒకరి బదులు ఇంకొకరు వద్దు. మొదటి వెతుకులాట మూడో పీరియడ్‌లో. దొరకకపోతే మరో రోజు మధ్యాహ్నం, ఆ తర్వాత ఇంకో రోజు ల్యాబ్ గంటలో. అప్పటికీ లేకపోతే ఫోను. ప్రతి కాగితం మీద రోల్ నంబరుతోపాటు ఎన్నోసారికి దొరికాడో రాయాలి. రాయడానికి రెండు సెకన్లు పట్టే ఈ చివరి గడి మొత్తం సర్వేలో అన్నిటికంటే ఎక్కువ చెప్పింది.

ఇంకొకటి. శాంపిల్‌ను యాదృచ్ఛికంగా రెండు సగాలు చేసి రెండు బృందాలకు విడివిడిగా ఇచ్చాం. బెంగాల్ జనపనార సర్వేల్లో గణాంకవేత్త మహలనోబిస్ వాడిన పద్ధతి ఇది. రెండు సగాలూ ఒకే జనాభాకి ప్రతిబింబాలు కాబట్టి జవాబులు దగ్గరగా రావాలి. రాకపోతే ఒక బృందం పనిలో ఏదో తేడా ఉన్నట్టు. ఇక్కడ ఒక సగం 26, రెండో సగం 28 శాతం చూపింది. ఈ పరిమాణానికి అది మామూలు తేడాయే.

చివరికి హాస్టల్ 40, బస్సు 210, సొంత ఏర్పాటు 150 జవాబులు చేతికొచ్చాయి. 14 మంది ఎంతకీ దొరకలేదు. రెండు గంటలు దాటినవాళ్లు బస్సు గుంపులో 63 మంది (30 శాతం), సొంత గుంపులో 87 మంది (58 శాతం), హాస్టల్లో సున్నా. రోల్ వాటాలతో కలిపితే:

```
(1600 × 0 + 2000 × 0.30 + 1200 × 0.58) / 4800 = 0.27
```

27 శాతం, హద్దు అటూ ఇటూ 3 పాయింట్లు. 400 మందిని సింపుల్ రాండమ్‌గా తీస్తే ఆ హద్దు 4.2 అయ్యేది. దొరకని 14 మందిలో 12 మంది డే స్కాలర్లు. ఆ పన్నెండు మందీ రెండు గంటలు దాటినవాళ్లే అనుకుంటే 28, ఒక్కరూ కారనుకుంటే 26. ఎటు చూసినా నిర్ణయం మారదు.

ఇక ఆ చిన్న గడి చూపించిన సంగతి. సొంత ఏర్పాటు గుంపులో మొదటిసారికే దొరికిన వంద మందిలో 50 మంది రెండు గంటలు దాటినవాళ్లు. రెండో, మూడోసారికి దొరికిన 38 మందిలో 27 మంది. ఫోనుకి మాత్రమే దొరికిన 12 మందిలో 10 మంది. కష్టపడి పట్టుకునే కొద్దీ దూరం పెరుగుతూ పోయింది. బస్సు గుంపులోనూ అంతే: మొదటిసారికి దొరికిన 160 మందిలో 40, తర్వాత దొరికిన 50 మందిలో 23. తేలిగ్గా దొరికినవాళ్లతోనే ఆపేసి ఉంటే ఇంత పద్ధతిగా తీసిన శాంపిల్ కూడా 23 శాతమే చెప్పేది. స్ట్రాటాలు హద్దును తగ్గించాయి, బయాస్‌ని తగ్గించింది మాత్రం ఈ వెంటాడటమే. రెండు పనులూ ఒకే పేరు కింద నడుస్తాయి కాబట్టి చాలా రిపోర్టుల్లో "స్ట్రాటిఫైడ్ శాంప్లింగ్ వాడాం" అని రాసి, ఎంపికైనవాళ్లలో ఎంతమంది దొరికారో రాయరు. ఆ రెండో అంకె లేకపోతే మొదటి వాక్యం వల్ల ఏమీ తెలియదు.

విశ్లేషణలో ఒకచోట ఆగాల్సి వచ్చింది. బస్సు జాబితాలో ఉన్న కొందరు మధ్యలో ఫీజు మానేసి బైకుల మీద వస్తున్నారు. వాళ్లను సొంత గుంపులోకి మార్చాలనిపిస్తుంది. మార్చకూడదు. వాళ్లు ఏ జాబితా నుంచి వచ్చారో వెయిట్ ఆ జాబితాదే, ఎందుకంటే ఎంపికయ్యే అవకాశం అక్కడ నిర్ణయమైంది. ఇప్పుడు ఎలా వస్తున్నారన్నది వేరే కాలమ్‌లో ఉంచి, అవసరమైతే ఆ వెయిట్లతోనే విడిగా లెక్కగట్టాలి.

నేర్చుకున్నవి

12 శాతం అనుకుని ప్లాన్ చేస్తే లెక్క సుమారు 580 మంది. 27 శాతం అంటే సుమారు 1,300 మంది, వాళ్లలో 600 మంది ఇప్పటికే కాలేజీ బస్సు ఎక్కుతున్నవాళ్లు. అంటే కొత్త రూట్లు మాత్రమే వేస్తే సమస్యలో సగమే తీరుతుంది, ఉన్న రూట్లు మరీ చుట్టు తిరుగుతున్నాయి. ఈ రెండో విషయం స్ట్రాటాలు విడిగా ఉండటం వల్లే కనిపించింది. మేనేజ్‌మెంట్ ముందుగా మొదటి పీరియడ్ నుంచి ల్యాబ్‌లు తీసేసి, అతి పొడవైన రూట్లను రెండుగా విడగొట్టింది.

పద్ధతి ఎంపిక గురించి మా అభిప్రాయం ఇది. పూర్తి జాబితా, ఒకే ఆవరణ ఉన్న కాలేజీలో క్లస్టర్‌కి దిగాల్సిన అవసరం అరుదు. దిగితే సెక్షన్లు ఎక్కువ, సెక్షన్‌కి మనుషులు తక్కువ ఉండాలి, కాగితం పంచే గంట సర్వే ప్రశ్నతో ముడిపడి ఉండకూడదు. మెస్ గురించి అడిగే సర్వేని మెస్‌లో, చదివే అలవాట్ల సర్వేని లైబ్రరీలో, హాజరు సర్వేని క్లాసులో పెట్టడం ఇదే తప్పుకి వేరే రూపాలు. ఒకే సర్వేలో చాలా ప్రశ్నలుంటే, ఒక ప్రశ్నకు నప్పిన స్ట్రాటాలు ఇంకోదానికి నప్పకపోవచ్చు. అప్పుడు సింపుల్ రాండమ్ తీసుకుని దొరకనివాళ్ల వెంట పడటం మంచిది. ఇక్కడి శాంపిల్‌లో హాస్టల్ వాళ్లు 40 మందే కాబట్టి, మెస్ భోజనం గురించి దీని నుంచి ఏదైనా చెప్పమని అడిగినప్పుడు కుదరదన్నాం.

కాలం కూడా ఒక జల్లెడే. ఈ సర్వే మొదటి సెమిస్టర్‌లో జరిగింది. నాలుగో సంవత్సరం వాళ్లు ప్రాజెక్టు, ఇంటర్న్‌షిప్‌ల కోసం బయటికి వెళ్లే రెండో సెమిస్టర్‌లో పెట్టి ఉంటే రోల్‌లో 1,200 మంది, ఆవరణలో ఎందరో తెలియని పరిస్థితి. మళ్లీ సర్వే చేయాలనుకుంటే దసరా సెలవులకు ముందే, హాస్టల్, ట్రాన్స్‌పోర్ట్ జాబితాలను ఆ నెల తేదీతో కొత్తగా తీసుకుని చేయమని రాసిచ్చాం. `roll.csv`, సీడ్ సంఖ్య, ఎన్నోసారికి దొరికారో చూపే కాలమ్ ఉన్న డేటా ఫైలు, మూడింటినీ ప్రిన్సిపాల్ ఆఫీసులో కలిపి భద్రపరిచారు.